అమ్మ ఇచ్చిన హారానికి పాత బిల్లు

ప్రశ్న: మా అమ్మ 2012లో ప్రొద్దుటూరులో కొన్న హారం నాకిచ్చింది. అమ్మాలంటే ఆ బిల్లు కావాలా?

కావాలండీ. అమ్మ ఇచ్చిన నగ మీద తీసుకునేటప్పుడు పన్ను లేదు. అమ్మేటప్పుడు మాత్రం లాభాన్ని అమ్మ కొన్న ధర నుంచే లెక్కేస్తారు. బిల్లులో 1,20,000 ఉండి, మీకు 4,00,000 వచ్చిందనుకోండి. లాభం 2,80,000. దానిమీద 12.5 శాతం, అంటే 35,000 పన్ను, సెస్సు అదనం. బిల్లు పోతే ఆ 1,20,000 ఖర్చును నిరూపించడం మీ తలనొప్పి.

ఇంకో చిక్కు, బిల్లు అమ్మ పేరు మీద ఉంటుంది. అందుకే తెల్లకాగితం మీద తేదీ, బరువు, 'మా అమ్మాయికి ఇచ్చాను' అన్న మాట రాయించి, ఇద్దరూ సంతకాలు చేసి బిల్లుకు జతచేయండి. మెషిన్ బిల్లయితే అక్షరాలు వెలిసిపోతాయి (మా బీరువాలో ఒకటి తెల్లగా మిగిలింది), ముందే జిరాక్స్ తీయించండి.