రెండో నెలలో థైరాయిడ్ మాత్ర డోసు పెంచారు, వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కందుకూరు. పెళ్లికి ముందు నుంచీ థైరాయిడ్ మాత్ర 50 వాడుతున్నాను. ఇప్పుడు రెండో నెల. టీఎస్‌హెచ్ 4.8 వచ్చిందని డాక్టర్ గారు 75 రాశారు. పవర్ ఎక్కువైతే బిడ్డకు పడదని మా అత్తయ్య భయపడుతున్నారు. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోండి, ఆలస్యం చేయకండి. మాది కావలి. నాకూ ఇలాగే జరిగింది. గర్భానికి ముందు 75తో టీఎస్‌హెచ్ 2 దగ్గర ఉండేది. రెండో నెలలో 5 దాటింది, అంటే ఒంటికి హార్మోన్ చాలడం లేదన్నమాట. మా డాక్టరమ్మ వెంటనే 100 చేశారు.

ఆ మాత్రలో ఉండేది మన గ్రంథి తయారు చేసే హార్మోనే, కొత్త మందు కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ పెరిగి, థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ రక్తంలో ఎక్కువవుతుంది. దాంతో ఒంటికి అందే హార్మోన్ తగ్గుతుంది. మామూలు గ్రంథి అయితే ఎక్కువ తయారు చేసి సర్దుకుంటుంది. మన గ్రంథికి ఆ శక్తి లేదు కాబట్టి మాత్రే పెంచాలి. చాలామందికి పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. పైగా బిడ్డ గ్రంథి మూడో నెల చివర్లో గానీ పని మొదలుపెట్టదు. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదగడానికి కావలసింది మన నుంచే వెళ్లాలి. అత్తయ్యగారికి ఈ ముక్క చెప్పండి. ఇప్పుడు బిడ్డకు ప్రమాదం డోసు చాలకపోతే. గర్భం పోవడం, నెలలు నిండకముందే కాన్పు అవడం లాంటివి అప్పుడు ఎక్కువ.

ఇంకో సంగతి నాకు ఐదో నెలలో తెలిసింది. 100తో 1.8కి దిగిన టీఎస్‌హెచ్ మళ్లీ 3.6 అయింది. డోసు పెంచే ముందు డాక్టరమ్మ, "ఐరన్, కాల్షియం ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు. ఐరన్ మాత్ర పొద్దున టిఫిన్ అవగానే వేసుకునేదాన్ని. ఐరన్, కాల్షియం కడుపులో థైరాయిడ్ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవట. నాలుగు గంటలైనా ఎడం ఉండాలన్నారు. అప్పటినుంచి లేవగానే మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, గంట తర్వాతే కాఫీ, టిఫిన్. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం, రాత్రికి ఐరన్. డోసు మార్చకుండానే తర్వాతి పరీక్షలో 2.1 వచ్చింది.

ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి, ఆ తర్వాత ఏడో నెలలో ఒకసారైనా టీఎస్‌హెచ్ చూపించుకోండి. మామూలుగా 2.5 లోపు ఉండేలా చూస్తారు. రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోండి.

కాన్పు కాగానే ఏ డోసు వేసుకోవాలో ముందే అడిగి రాయించుకోండి. నాకు పాత 75కే మార్చారు. పెంచిన డోసు అలాగే కొనసాగిస్తే గుండె దడ, చేతుల వణుకు రావచ్చు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష ఉంటుంది. పాలిచ్చేటప్పుడు కూడా ఈ మాత్ర మానక్కర్లేదు.