స్కర్టు కదలికకు ఏ క్రియ?

సందేహం: నేనొక ఇంగ్లీషు నవలను తెలుగులోకి అనువదిస్తున్నాను. నాయిక ఒకచోట పెన్సిల్ స్కర్టు, ఇంకోచోట ప్లీటెడ్, టియర్డ్, సర్కిల్ స్కర్టులు వేసుకుంటుంది. పేర్లు అలాగే ఉంచేశాను. కానీ అన్నిటికీ ‘కుచ్చిళ్ళు రెపరెపలాడాయి’ అనే రాస్తున్నానని మా అక్క నవ్వింది. వేరే ఎలా చెప్పాలి?

సమాధానం: పేర్లు అలా ఉంచడంలో తప్పులేదు, దర్జీలూ అవే అంటారు. మీ అక్కగారు పట్టుకున్నది క్రియను. రెపరెపలాడేది గాలికి, అదీ పల్చటి బట్ట వదులు కొస. ఇంట్లో నడిచే మనిషి స్కర్టుకు గాలితో పనిలేదు, అది అడుగును బట్టి కదులుతుంది. కాబట్టి రాసే ముందు బట్టను ఎక్కడ పట్టి కుట్టారో, ఎక్కడ వదిలేశారో చూసుకోండి.

పెన్సిల్ స్కర్టులో వదిలిందేమీ లేదు. నడుము నుంచి మోకాలిదాకా ఒంటిని పట్టి ఉంటుంది, కింద ఇంకాస్త సన్నబడుతుంది. అడుగు పడాలి కాబట్టి వెనక చీలిక పెడతారు. ఇక్కడ బట్ట గురించి కాక నడక గురించి రాయాలి: ‘అడుగు చిన్నదైంది’, ‘మెట్టెక్కబోతే మోకాళ్ళ దగ్గర బిగిసింది’. ‘ఊగింది’ అంటే మాత్రం అబద్ధమే.

అసలు చిక్కు ప్లీటెడ్‌కూ సర్కిల్‌కూ మధ్య ఉంది. రెండూ కింద మడతలు మడతలుగా కనబడతాయి గనక రెంటినీ ‘కుచ్చిళ్ళు’ అనేస్తాం. పైగా చీరలో కుచ్చిళ్ళంటే వరసగా పెట్టిన మడతలు, లంగాలో కుచ్చులంటే దారం లాగి దగ్గరకు ముడిచిన బట్ట. ప్లీట్లు చీర కుచ్చిళ్ళ జాతివే, కాకపోతే ఇస్త్రీతో గీత గీసినట్టు నొక్కినవి. పూర్తి ప్లీట్లకు తుంటి కొలతకు మూడింతల బట్ట పడుతుంది, అందులో రెండొంతులు మడతల వెనకే దాగి ఉంటుంది. మనిషి నిలబడితే ప్లీట్లు మూసుకుని నిలువు గీతల్లా దిగుతాయి, అడుగు వేస్తే విచ్చుకుంటాయి, ఆగితే మళ్ళీ ఎవరి చోటికి అవి చేరతాయి. ‘విచ్చుకోవడం, మూసుకోవడం’ వీటి క్రియలు. నిలబడ్డప్పుడు కూడా తుంటి దగ్గర నోళ్ళు తెరిచి ఉన్నాయంటే స్కర్టు బిగుతైందన్నమాట. పాత్ర కాస్త ఒళ్ళు చేసిందని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

సర్కిల్ స్కర్టుకు నడుము దగ్గర మడత అనేదే ఉండదు. మన దర్జీలు అంబ్రెల్లా కట్ అనేది దీన్నే. బట్టను గుండ్రంగా కత్తిరించి మధ్యలో నడుముకు సరిపడా రంధ్రం తీస్తారు. నడుము 28 అంగుళాలైతే ఆ రంధ్రం వ్యాసార్ధం సుమారు నాలుగున్నర. అక్కణ్ణుంచి 26 అంగుళాల పొడవు తీస్తే అంచు చుట్టుకొలత 190 అంగుళాలు దాటుతుంది, అంటే అయిదు గజాల పైమాటే. పైన నున్నగా కూర్చున్న బట్ట కిందికి వచ్చేసరికి ఇంత వెడల్పై, తన బరువుకు తానే మెత్తటి అలలుగా పడుతుంది. నొక్కిన గీత కాదు గనక ఆ అల ఒక్కచోట నిలవదు, నడుస్తుంటే జరుగుతూ పోతుంది. ‘అలలుగా జారింది’, గిర్రున తిరిగితే ‘లేచి గుండ్రంగా పరుచుకుంది’ అనండి. గుండ్రంగా కత్తిరించడం వల్ల కొన్నిచోట్ల పడుగూ పేకా రెండూ ఏటవాలుగా పడతాయి, అక్కడ బట్ట సాగి అంచు దిగుతుంది. అందుకే ఒక రాత్రి వేలాడదీసి, దిగినంత మేర సరిచేశాకే అంచు కుడతారు. ఆ పని చేయని స్కర్టు అంచు ఎగుడుదిగుడుగా కనబడుతుంది.

టియర్డ్‌ను ‘పొరల స్కర్టు’ అనకండి. పొర అంటే ఒకదానిమీద ఒకటి. ఇందులో సాధారణంగా పై వరస కొసకు కింది వరసను కుచ్చు పెట్టి అతుకుతారు, ఒక్కో వరసకూ పైదానికి ఒకటిన్నర నుంచి రెండింతల బట్ట. ‘మూడు వరసల స్కర్టు’ అంటే సరిపోతుంది. బరువంతా కింది వరసలో ఉంటుంది కాబట్టి మనిషి ఆగినా అది ఇంకోసారి ఊగి ఆగుతుంది.

ఇక మీ వాక్యం. నాయిక ప్లీటెడ్ స్కర్టుతో వరండాలో అటూ ఇటూ తిరుగుతోందనుకుందాం. ‘ఆమె స్కర్టు కుచ్చిళ్ళు రెపరెపలాడాయి’ బదులు ‘వెనక్కి తిరిగిన ప్రతిసారీ ప్లీట్లు ఒక్కసారి విచ్చుకుని మూసుకుంటున్నాయి’ అని చూడండి. ఆమె టెన్షన్‌లో ఉందని వేరే చెప్పక్కర్లేదు. ‘జీరాడడం’ మాత్రం నేలను తాకే పొడవుకే వాడండి, మోకాలిదాకా ఉన్నదానికి నప్పదు. ఆఫీసుకు వెళ్ళే పాత్ర పెన్సిల్ స్కర్టును ‘లంగా’ చేయకండి, మన పాఠకుడికి ఓణీయో, చీర కింది లోలంగాయో గుర్తొస్తుంది.