డాక్టర్లు, సర్పంచులు ఒకే హాల్లో ఉంటే అబ్రివియేషన్లు ఎక్కడ వివరించాలి?

ప్రశ్న: "మండల ఆరోగ్య సమీక్షలో ప్రెజెంటేషన్ ఇవ్వాలి. అబ్రివియేషన్లు బోలెడు. మొదట్లోనే ఒక గ్లాసరీ స్లైడ్ పెట్టేస్తే సరిపోతుందా?"

సరిపోదండి. నేను అదే చేసి దెబ్బతిన్నాను. రెండో స్లైడ్‌లో పద్నాలుగు పొట్టి పేర్లు వరసగా పెట్టి అర నిమిషంలో దాటేశాను. తొమ్మిదో స్లైడ్‌లో ఒక ఊరి గ్రాఫ్ వచ్చింది: "ఏఎన్‌సీలు 31 నుంచి 22కి తగ్గాయి". ఆ ఊరి సర్పంచ్ గారు లేచి, "మరి ఆ తొమ్మిది పోస్టులూ ఎప్పుడు నింపుతారు సార్?" అన్నారు. ఆయనకు రోజూ కనబడేది ఊరి నర్సు ఏఎన్‌ఎం అమ్మ, ఏఎన్‌సీ అన్నా అదే అనుకున్నారు. ఏఎన్‌సీ అంటే గర్భిణికి చేసే పరీక్ష అని రెండో స్లైడ్‌లో రాశాను నిజమే, కానీ అప్పటికి అది తెర మీద లేదు. పుస్తకంలోలా పేజీ వెనక్కి తిప్పుకోవడానికి కుదరదు కదా. డాక్టర్లకు తెలుసులే అనుకోవడానికీ లేదు, క్యాన్సర్ వార్డులో ఏఎన్‌సీ అంటే రక్తంలో న్యూట్రోఫిల్ కణాల లెక్క.

ఇప్పుడు నేను మొదట చేసేది కోత. ఒక పొట్టి పేరు మొత్తం మీద రెండుసార్లే వస్తే పూర్తి పేరే రాసేస్తాను. మిగిలినవాటికి మొదటిసారి వచ్చే స్లైడ్‌లోనే "గర్భిణి పరీక్ష (ఏఎన్‌సీ)" అని రాసి, నోటితో కూడా చెబుతాను. గ్రాఫ్ ఉన్న ప్రతి స్లైడ్‌లో మాత్రం అడుగున మళ్లీ చిన్న లైను ఉంటుంది, ఎందుకంటే జనం ఫోటో తీసుకుని వాట్సాప్‌లో పంపుకునేది దాన్నే.

పేరు విప్పినంత మాత్రాన అర్థం చెప్పినట్టు కాదు. హెచ్‌ఆర్‌పీ అంటే హై రిస్క్ ప్రెగ్నెన్సీ అని రాస్తే సర్పంచ్‌కి ఏం తెలుస్తుంది? "హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ, బీపీ 140/90 లేదా ఆపైన, ముందు కాన్పు సిజేరియన్, ఇలాంటివి ఉన్న గర్భిణి" అంటే తెలుస్తుంది. అలాగే నా గ్రాఫ్‌లో 22 అంటే 22 మంది గర్భిణులా, 22 పరీక్షలా? ఒక్కొక్కరికి కనీసం నాలుగు పరీక్షలు జరగాలి కాబట్టి ఆ రెండూ చాలా వేరు. నిర్ణయం దేని మీద ఆధారపడుతుందో ఆ పదానికి విడిగా ఒక స్లైడ్ ఇచ్చినా తప్పులేదు.

కోత తర్వాత కూడా ఏడెనిమిది పదాలు మిగిలి, ఫైల్ తర్వాత మెయిల్‌లో తిరుగుతుందంటేనే గ్లాసరీ స్లైడ్ పెడతాను, అదీ చివర్లో. మీటింగ్ కోసమైతే అర పేజీ ప్రింట్ తీసి కుర్చీకొకటి పెడతాను. అది చివరిదాకా చేతిలోనే ఉంటుంది.

ఇంకోటి, స్లైడ్ల వరస మారితే "మొదటిసారి" కూడా మారిపోతుంది. ఒకసారి ముందురోజు రాత్రి మా పై ఆఫీసర్ ఎనిమిదో స్లైడ్‌ని మూడోదిగా మార్చారు, నా వివరణలన్నీ వెనకబడ్డాయి. అందుకే వరస ఖాయమయ్యాక Ctrl+F కొట్టి ఒక్కో పేరూ మొదట ఎక్కడ వస్తోందో చూసుకుంటాను. గ్రాఫ్‌ని బొమ్మగా అతికిస్తే అందులోని అక్షరాలు ఈ వెతుకులాటకు దొరకవు, వాటిని కంటితోనే చూసుకోవాలి.