రానన్నవారి సీట్లన్నీ రెండో విడతతో నింపాలా?

ప్రశ్న: మా రిసెప్షన్ హాలులో 150 మంది కూర్చోవచ్చు. పిలవాలనుకున్నవారు 210 మంది తేలారు. ముందుగా 150 మందిని పిలిచి, రాలేమన్నవారి స్థానంలో మిగిలిన 60 మందిలో కొందరిని పిలుద్దామని నేనూ నాకు కాబోయే భర్తా అనుకుంటున్నాం. ఎంతమంది వచ్చినా 120 ప్లేట్లకు డబ్బు కట్టాల్సిందేనని క్యాటరర్ అన్నారు. చివరి లెక్క 10 రోజుల ముందు ఇవ్వాలి. ఖాళీ అయిన సీట్లన్నీ నింపెయ్యమంటారా, ఆ డబ్బు మిగుల్చుకోమంటారా?

జవాబు: మీ క్యాటరర్ చెప్పిన 120 దగ్గర ఒక గీత గీయండి. ఆ గీతకు దిగువన ఖాళీగా ఉన్న సీటుకు మీరు ఎలాగూ డబ్బు కడుతున్నారు. అక్కడ రెండో విడత అతిథిని కూర్చోబెడితే ఆహ్వాన పత్రిక ఖర్చు తప్ప దాదాపు ఏమీ పడదు. గీత దాటాక పరిస్థితి తలకిందులవుతుంది. 121వ వ్యక్తి నుంచి ప్రతి ఒక్కరికీ పూర్తి ప్లేటు ధర పడుతుంది. కాబట్టి 120 వరకు కళ్లు మూసుకుని నింపండి. ఆ పైన పిలిచే ప్రతి ఒక్కరినీ కొత్త ఖర్చుగానే చూడండి.

చాలామంది ఇక్కడే తడబడతారు. 150 మందికని ముందే పక్కన పెట్టిన డబ్బు కాబట్టి అది ఖర్చయిపోయినట్టే లెక్క వేసుకుంటారు. అది ఇంకా మీ చేతిలోనే ఉంది. ఇంకొందరు హాలు అద్దె, సంగీతం, ఫొటోలు అన్నీ కలిపి తలకు ఇంత అని భాగిస్తారు. ఆ అంకెకు ఇక్కడ పనిలేదు, ఎందుకంటే ఒకరు పెరిగినా తగ్గినా హాలు అద్దె మారదు. మారేవి ప్లేటు, కుర్చీ, టేబుల్, చేతికిచ్చే బహుమతి ఉంటే అదీ.

వీటిలో టేబుల్ సంగతి కాస్త వేరు. టేబుల్‌కు 10 మంది చొప్పున కూర్చుంటే 120 మందికి 12 టేబుళ్లు సరిపోతాయి. 121వ వ్యక్తి కోసం 13వ టేబుల్ వేయాలి. దానికో గుడ్డ, పూల అలంకరణ, బహుశా వడ్డించడానికి ఒక మనిషి. అంటే 121వ వ్యక్తి మీద పడే ఖర్చు, 122 నుంచి 130 వరకు ఒక్కొక్కరి మీద పడే ఖర్చు కంటే ఎక్కువ. అందువల్ల 120 దగ్గర ఆగడానికో, 130 వరకు వెళ్లడానికో అర్థముంది గానీ 122 దగ్గర ఆగడానికి లేదు. మీ గరిష్ఠ సంఖ్యను జవాబులు రాకముందే నిర్ణయించి, ఇద్దరూ ఒప్పుకుని, ఒక కాగితం మీద రాసుకోండి. జవాబులు రావడం మొదలయ్యాక నిర్ణయిద్దామనుకుంటే ఆ సంఖ్య పెరగడమే గానీ తగ్గడం నేను చూడలేదు. మీరు 130 అనుకున్నారని పెట్టుకుని లెక్క చూద్దాం.

మొదటి విడతకు ఇచ్చిన గడువు ముగిసేసరికి 92 మంది వస్తామన్నారు, 34 మంది రాలేమన్నారు, 24 మంది ఉలుకూ పలుకూ లేరు. రాలేమన్నవారు 34 మంది కదా అని 34 మందిని పిలవకూడదు. జవాబివ్వనివారు రానన్నట్టు కాదు. వాళ్లందరూ వస్తారనే అనుకోండి. 92కు 24 కలిపితే 116. 130లో ఇంకా 14 మిగిలింది. ఆ 14 మందిని అదే రోజు పిలవవచ్చు, అందరూ వచ్చినా ఇబ్బంది లేదు. ఆ తర్వాత వారంలో 24 మందికీ ఫోను చేయండి. 15 మంది వస్తామని, 9 మంది రాలేమని అన్నారనుకుందాం. అప్పుడు ఖాయమైనవారు 107 మంది, మీరు ఇంకో 9 మందిని పిలవవచ్చు. సూత్రం ఒకటే: వస్తామన్నవారు, జవాబివ్వనివారు, రెండో విడతలో పిలిచినవారు కలిపి ఏ రోజూ 130 దాటకూడదు.

తేదీల్ని వెనక నుంచి ముందుకు లెక్కించండి. క్యాటరర్‌కు 10 రోజుల ముందు లెక్క ఇవ్వాలంటే రెండో విడత జవాబులు 3 వారాల ముందే అందాలి. వాళ్లకు ఆలోచించుకోవడానికి 4 వారాలైనా ఇవ్వాలి, కాబట్టి వాళ్ల పత్రికలు 7 వారాల ముందు వెళ్లాలి. మొదటి విడత గడువు 8 వారాల ముందు, వాళ్లకు పత్రికలు పంపడం 12 వారాల ముందు. ఫోన్లు చేశాక పిలిచే ఆ 9 మందికి పత్రిక 7 వారాల గడువుకే వెళ్లాలి, అందుకే ఆ ఫోన్ల వారాన్ని సాగదీయవద్దు. నెలలోపు సమయముండగా వచ్చే ఆహ్వానం చూడగానే, ఎవరో రాలేమన్నాక తమను గుర్తుచేసుకున్నారని తెలిసిపోతుంది. పత్రికల మీద జవాబు తేదీ అచ్చు వేయిస్తుంటే రెండు తేదీలతో రెండు కట్టలు ఒకేసారి వేయించండి. గడువు దాటిన తేదీ ఉన్న పత్రిక అందుకున్నవారికి మీరు ఏమీ వివరించనక్కర్లేదు, అదే అంతా చెప్పేస్తుంది.

రెండో జాబితాను మనుషుల వారీగా కాక కుటుంబాల వారీగా, ఒకరికొకరు తెలిసిన బృందాల వారీగా రాసుకోండి. ఆఫీసులో ఒకే గదిలో కూర్చునే ఆరుగురిలో ముగ్గురికి ముందు, ముగ్గురికి తర్వాత పత్రిక అందితే విషయం ఆ సాయంత్రానికే బయటపడుతుంది. ఆరుగురికి చోటు లేకపోతే ఆ ఆరుగురినీ వదిలి తర్వాతి కుటుంబానికి వెళ్లండి. ఇంకో తగువు కూడా ముందే తీర్చుకోవాలి. మీ వైపు వారు రాలేమంటే ఆ సీటు మీ వైపుకేనా, ఉమ్మడి ఖాతాలోకా? 120 దాటిన ప్లేట్ల డబ్బు ఎవరు కడుతున్నారో దాన్ని బట్టి తేల్చుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

క్యాటరర్‌ను మూడు విషయాలు అడిగి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. చిన్నపిల్లలు 120లో పూర్తి ప్లేటుగా లెక్కకు వస్తారా? ఫొటోగ్రాఫర్లకు, సంగీత బృందానికి పెట్టే భోజనాలు ఆ 120లోకే వస్తాయా? అలా వస్తే గీత దగ్గరికి మీరు అనుకున్నదానికంటే ముందే చేరతారు. చివరి లెక్క ఇచ్చాక కొన్ని ప్లేట్లు పెంచే వీలుందా? సాధారణంగా పెంచడానికి ఒప్పుకుంటారు, తగ్గించడానికి ఒప్పుకోరు. అందుకే అనుమానంగా ఉన్నవారిని చివరి లెక్కలో చేర్చకుండా, పెంచే వెసులుబాటు మీద వదిలెయ్యడం చవక.

మళ్లీ లెక్కలోకి వస్తే, రెండో విడతలో పిలిచిన 23 మందిలో 17 మంది వస్తామన్నారనుకోండి. మొత్తం 124. మిగిలిన 6 సీట్లకు మూడో విడత పిలుపులు మొదలుపెట్టవద్దు, అప్పటికి సమయం 3 వారాలే ఉంటుంది. 120 దాటిన ఆ నలుగురి కోసం 13వ టేబుల్ కూడా వద్దు. టేబుళ్లు కాస్త పెద్దవైతే నాలుగు టేబుళ్లకు 11 మంది చొప్పున సర్దమని హాలు వారిని అడగండి, క్యాటరర్‌కు 124 అని లెక్క ఇవ్వండి. చివరి వారంలో ఎవరైనా రాలేకపోతే ఆ ప్లేటు డబ్బు పోయినట్టే. దాన్ని రాబట్టుకోవడానికి రెండో జాబితా తెరవవద్దు. ముందు రోజు పిలిచినా నొచ్చుకోని దగ్గరి స్నేహితులు ఒకరిద్దరు ఉంటే సరే, వాళ్లకు మాత్రం ఫోను చేయండి.