10 వాట్ల ఆంప్లిఫయర్, ఓఎఫ్‌డీఎం పెడితే 2 వాట్లకే ఎందుకు చెడగొడుతోంది?

నాకూ అచ్చం ఇదే అయింది, మూడు రోజులు అనవసరంగా ఆంప్లిఫయర్‌నే అనుమానించా. ఒకే టోన్ పెడితే పవర్ మీటర్‌లో 10 వాట్లు నిక్కచ్చిగా వచ్చాయి. తర్వాత 52 క్యారియర్ల ఓఎఫ్‌డీఎం పెట్టి సగటున 8 వాట్లు రావాల్సినంత డ్రైవ్ ఇచ్చా, స్పెక్ట్రమ్ అనలైజర్‌లో సిగ్నల్‌కి రెండు పక్కలా భుజాలు లేచి పక్క చానల్‌లోకి పాకేశాయి. కాన్‌స్టలేషన్ చూస్తే ఇంకా తికమక, సింగిల్ క్యారియర్‌లో అయితే మూలల్లో ఉన్న చుక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, ఇక్కడేమో చుక్కలన్నీ ఒకేలా మసకబారాయి, అందుకే నాయిస్ అనుకున్నా. అది నాయిస్ కాదు, తెగేది టైమ్‌లో ఏదో ఒక శిఖరం, రిసీవర్‌లో ఎఫ్ఎఫ్‌టీ ఆ దెబ్బని క్యారియర్లన్నిటికీ పంచేస్తుంది.

క్యారియర్ల ఫేజ్‌లు మామూలుగా ఎటుపడితే అటు ఉంటాయి, అన్నీ ఒకేసారి కలిస్తే శిఖరం సగటుకి 52 రెట్లు, అంటే 17 డీబీ. అది దాదాపు జరగదు, దాన్ని చూసి భయపడక్కర్లేదు. అసలు చూడాల్సింది ఇది: ఇన్ని క్యారియర్లు కలిసినప్పుడు పవర్ సగటుకి k రెట్లు దాటి ఉండే సమయం సుమారు e^(-k). నా 8 వాట్ల దగ్గర 10 వాట్ల హద్దు 1.25 రెట్లే, అంటే దాదాపు 29 శాతం సేపు సిగ్నల్ గోడకి కొట్టుకుంటోంది! 2 వాట్లకి దించితే హద్దు 5 రెట్లు, 0.7 శాతం. 1 వాటుకి దించితే 0.005 శాతం. మీకు 2 దగ్గర తేడా కనపడటం అందుకే.

డేటాషీట్ మీద 10 వాట్లు అని పెద్దగా వేసి అది ఒక్క టోన్‌కే అని ఎక్కడో చిన్న అక్షరాల్లో రాయడం నాకస్సలు నచ్చదు. పైగా 1 వాటు దాకా దించి నడిపితే క్లాస్ బీ ఎఫిషియెన్సీ కాగితం మీద ఉన్న 78 శాతం నుంచి 28 శాతం దగ్గరికి పడిపోతుంది, మిగతాదంతా హీట్‌సింక్‌కే. ఫోన్ బ్యాటరీ ఇది మోయలేదనే ఎల్‌టీఈ అప్‌లింక్‌లో శిఖరాలు తక్కువుండే ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏ పెట్టారు.

ఆంప్లిఫయర్ వంపుకి తగ్గట్టు సిగ్నల్‌ని ముందే ఎదురు వంచే డీపీడీ పెడితే పోతుంది కదా అంటారు చాలామంది, పోదు, అది వంపుని సరిచేస్తుంది గానీ సాచురేషన్ పైన లేని పవర్‌ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ముందు డిజిటల్‌లోనే శిఖరాలు కత్తిరించి ఫిల్టర్ చెయ్యండి, ఫిల్టర్ తర్వాత శిఖరాలు మళ్ళీ కొంచెం లేస్తాయి, రెండుమూడు సార్లు చెయ్యాలి. చుక్కలు అసలు చోటు నుంచి ఎంత జరిగాయో చెప్పే ఈవీఎం పెరుగుతుంది, క్యూపీఎస్‌కే ఓర్చుకుంటుంది, 64-క్యామ్ ఓర్చుకోదు.

ముందైతే డ్రైవ్ 1 డీబీ తగ్గించి చూడండి. భుజాలు కూడా 1 డీబీయే తగ్గితే తప్పు సోర్స్‌లోనే ఉంది, అంతకంటే ఎక్కువ పడితే ఆంప్లిఫయర్‌దే, నాకు దాదాపు 3 పడింది.