శుక్రవారం అన్నది మంగళవారం ఎందుకవుతోంది

"ప్రతిసారీ 'శుక్రవారానికి ఇచ్చేస్తా' అంటాను. తీరా చూస్తే మంగళవారం అవుతుంది. బద్ధకించి కాదు, రోజూ కూర్చుని చేస్తూనే ఉంటాను. రెండు రోజులు ఎక్కువ వేసుకుని చెప్పినా అదే తంతు. ఒక పనికి నాకు ఎంత టైమ్ పడుతుందో ముందే సరిగ్గా తెలుసుకునే దారి ఏమైనా ఉందా?"

నేను అనువాదాలు చేస్తాను, ఎక్కువగా యంత్రాల మాన్యువల్స్. గడువు తప్పడంలో నాకూ చాలా అనుభవం ఉంది. మొదట్లో నా స్పీడే తక్కువేమో అనుకునేవాణ్ణి. స్పీడుకీ దీనికీ పెద్దగా సంబంధం లేదని ఒక పనికి గంటలు రాసిపెట్టుకున్నాకే తెలిసింది. ఆ లెక్క మీ ముందు పెడతాను, మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

అది అరవై పేజీల మాన్యువల్. పేజీకి 20 నిమిషాలు పడుతుందనుకున్నాను, అంటే మొత్తం 20 గంటలు. రోజుకు ఐదు గంటలు కూర్చుంటే నాలుగు రోజుల పని. సోమవారం మొదలుపెట్టి గురువారం సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. ఇచ్చింది ఆ తర్వాతి బుధవారం. అప్పటికే ఇలాంటివి చాలాసార్లు జరిగాయి కాబట్టి, ఈసారి ఏ గంట ఎక్కడికి పోతోందో ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చాను.

అసలు అనువాదానికి పట్టింది 23 గంటలు. అంటే నా అంచనా తప్పింది మూడు గంటలే! మరి మిగతా టైమ్? పదాలు తేల్చుకోవడానికి మూడు గంటలు (ఒకే భాగానికి మొదటి అధ్యాయంలో ఒక పేరు, నాలుగో అధ్యాయంలో ఇంకో పేరు వాడేశాను, వెనక్కి వెళ్ళి మార్చాల్సి వచ్చింది). పట్టికలకు, బొమ్మల కింది మాటలకు నాలుగు. మొత్తం మళ్ళీ చదివి దిద్దడానికి ఐదు. చెదిరిపోయిన పేజీలు సర్దడానికి రెండు. సందేహాలు అడుగుతూ మెయిల్స్ రాయడానికి ఒకటి. ఈ పదిహేను గంటలు నా అంచనాలో అసలు లేనే లేవు. మొత్తం 38 గంటలు.

వీటిలో ఏ ఒక్కటీ అనుకోకుండా వచ్చిపడింది కాదు. ప్రతి మాన్యువల్‌కూ నేను దిద్దుబాటు చేస్తాను, ప్రతి దాంట్లోనూ పట్టికలు ఉంటాయి. అయినా "ఎంత టైమ్ పడుతుంది?" అని అడగగానే నా కళ్ళ ముందు కదిలింది టైప్ చేస్తున్న నేనొక్కణ్ణే. పని మధ్యభాగమే బొమ్మలా కనిపిస్తుంది, దాని ముందూ వెనకా ఉన్నవి కనిపించవు. మీరు రాసేది కోడ్ అయినా, రిపోర్ట్ అయినా, మీ లెక్కలోంచి జారిపోయే గంటలు చాలావరకు ఈ అంచుల్లోనే దొరుకుతాయి.

ఇలా పనికి పట్టే టైమ్‌ను తక్కువగా అంచనా వేసుకోవడానికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టింది డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, 1970ల చివర్లో. కానమన్‌కు స్వయంగా జరిగిన సంగతి ఒకటి ఉంది. హైస్కూలు పిల్లలకు ఒక కొత్త పాఠ్యపుస్తకం రాసే బృందంలో ఆయన పనిచేసేవారు. ఒకరోజు, ఇది పూర్తవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికి వారు కాగితం మీద రాయమన్నారు. అంచనాలన్నీ రెండేళ్ళకు కాస్త అటూ ఇటూగా వచ్చాయి. అప్పుడు ఆ బృందంలోనే ఉన్న సీమోర్ ఫాక్స్ అనే విద్యా నిపుణుణ్ణి, ఇలాంటి బృందాలు ఇంతకుముందు ఎంతకాలం తీసుకున్నాయని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, దాదాపు 40 శాతం బృందాలు అసలు పూర్తే చేయలేదని, చేసినవాటిలో ఏదీ ఏడేళ్ళ లోపు ముగించలేదని చెప్పారు. చివరికి ఆ పుస్తకానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఈ కథలో నన్ను ఆపింది ఎనిమిదేళ్ళు కాదు, ఫాక్స్. నిమిషం ముందు కాగితం మీద అందరిలాగే తక్కువ రాసింది కూడా ఆయనే. ఏడేళ్ళ సంగతి ఆయన తలలోనే ఉంది, కానీ అంచనా వేసేటప్పుడు దాన్ని ఎవరూ అడగలేదు, ఆయన కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు. నేనూ అంతే. పాత మాన్యువల్స్ అన్నీ ఆలస్యమయ్యాయని నాకు తెలుసు. కానీ ప్రతి ఆలస్యానికీ నా దగ్గర ఒక సాకు సిద్ధంగా ఉండేది: అప్పుడు జ్వరం వచ్చింది, అప్పుడు ఫైలు పాడైంది, అప్పుడు మధ్యలో ఇంకో పని వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండేసరికి అవన్నీ కలిసి ఒకే మాట చెబుతున్నాయని తట్టలేదు.

మీరు రెండు రోజులు ఎక్కువ వేసుకున్నా ఎందుకు పనిచేయడం లేదో కూడా ఇక్కడే ఉంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే సగటున సుమారు 34 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే ఎంత అని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. అంటే బాగా చెడిపోయిన పరిస్థితిని ఊహించమన్నా వాళ్ళ ఊహ అసలు సగటును అందుకోలేదు. ఊహలోంచి వచ్చిన అంకెకు కాస్త కలిపినా అది ఊహే.

అందుకని నేను ఊహను బాగుచేసుకునే ప్రయత్నం మానేశాను. అది ఎలా వస్తే అలా రానిచ్చి, తర్వాత దిద్దుతాను. పని రాగానే తోచిన గంటలు ఒక నోట్‌బుక్‌లో రాస్తాను. పని అయ్యాక నిజంగా పట్టిన గంటలు పక్కన రాసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తాను. పై మాన్యువల్‌కు 38ని 20తో భాగిస్తే 1.9. ఇలా పదకొండు పనులు పోగయ్యాక వచ్చిన అంకెలు, చిన్న నుంచి పెద్దకు పేరిస్తే, ఇవి: 1.1, 1.2, 1.3, 1.4, 1.5, 1.6, 1.7, 1.9, 2.0, 2.2, 3.1.

ఒక్కటి కూడా ఒకటి కంటే తక్కువ లేదు, చూశారా? పదకొండు పనుల్లో ఒక్కసారి కూడా అనుకున్నదానికంటే ముందు ముగించలేదు. అది చూసిన రోజు కాస్త సిగ్గేసింది.

మధ్యలో ఉన్నది 1.6. నా పనులను నేను సర్దుకోవడానికి ఇది వాడతాను. ఇతరులకు మాటిచ్చేటప్పుడు మాత్రం 2.0 వాడతాను, ఎందుకంటే పదకొండింటిలో తొమ్మిది పనులు ఆ లోపలే అయిపోయాయి. 1.6 పట్టుకుని మాటిస్తే దాదాపు సగం సార్లు మాట తప్పుతాను. కాబట్టి కొత్త పనికి పది గంటలని తోచిందంటే, నా లెక్కకు 16, అవతలివాళ్ళకు 20.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన్నాళ్ళకు మీ మనసు తెలివి మీరుతుంది. ఎలాగూ రెట్టింపు చేస్తాను కదా అని ముందే తక్కువో ఎక్కువో రాయడం మొదలవుతుంది. నాకూ అయింది. అందుకే ఫైలు తెరిచి చూసిన ఐదు నిమిషాల్లో, పాత అంకెల పేజీ తిప్పకముందే తోచినది రాసేస్తాను. రాసింది మళ్ళీ దిద్దను.

ఇప్పటిదాకా గంటల సంగతి. గంటలను తేదీగా మార్చేటప్పుడు రెండో దెబ్బ తగులుతుంది. ఇది మొదటిదానికంటే తక్కువేం కాదు. ఆ మాన్యువల్ మీద ఆదివారం వదిలేసి తొమ్మిది రోజులు పనిచేశాను, 38 గంటలు. అంటే రోజుకు నాలుగు గంటల కంటే కాస్త ఎక్కువ. కుర్చీలో మాత్రం ఎనిమిది గంటలు ఉన్నాను. మిగతా సగం ఫోన్లకు, పాత పనుల సవరణలకు, చిల్లర పనులకు పోయింది. మీరు ఒక వారం పాటు ఒకే ఒక్క పని మీద రోజూ నిజంగా ఎన్ని గంటలు పెట్టగలుగుతున్నారో రాసి చూడండి. ఎనిమిది రాదు, ఆరూ రాకపోవచ్చు. నాకు నాలుగు వచ్చింది కాబట్టి 20 గంటల పనిని ఐదు పనిదినాలుగా చెబుతాను. సోమవారం మొదలుపెడితే శుక్రవారం సాయంత్రం. రెండు పనులు ఒకేసారి నడుస్తుంటే ఆ నాలుగు గంటలనే రెండింటికీ పంచాలి. ఈ చిన్న కూడిక చేయకుండా రెండు చోట్లా విడివిడిగా శుక్రవారం అని చెప్పిన సందర్భాలు నాకు బోలెడు.

ఎప్పుడూ చేయని రకం పని వస్తే ఈ అంకెలు చెల్లవు. ఒకసారి వీడియో సబ్‌టైటిల్స్ అడిగారు. అప్పుడు తేదీ చెప్పకుండా ఒకరోజు గడువు అడిగాను. మధ్యలోంచి ఒక ఐదు నిమిషాల ముక్క తీసుకుని, అనువాదం, టైమింగ్ సర్దడం, మళ్ళీ చూసి దిద్దడం, చివరిదాకా అన్నీ చేశాను. మధ్యలోంచి అని ఎందుకన్నానంటే, మొదటి నిమిషాలు పరిచయాలతో తేలిగ్గా ఉంటాయి. చివరిదాకా అన్నది ఇంకా ముఖ్యం. సగం చేసి ఆపితే మళ్ళీ ఆ అంచులే లెక్కలోంచి జారిపోతాయి. ఆ ముక్కకు పట్టిన టైమ్‌ను మొత్తం నిడివికి హెచ్చించాను. ఆ పని ఇదివరకు చేసిన ఒక స్నేహితురాలిని కూడా అడిగాను, "నాకెంత పడుతుందంటావు?" అని కాదు, "నీకు పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?" అని. మొదటి ప్రశ్నకు ఆవిడా ఊహే చెబుతుంది.

చివరిగా ఆ 3.1 సంగతి. ఆ పనిలో మూడో వంతు అయ్యాక మూల పుస్తకాన్నే మార్చి పంపారు. మీ పాత అంకెలు ఏవీ ఇలాంటిదాన్ని మోయలేవు, దీనికోసం ప్రతి పనినీ మూడింతలు చేసి చెబితే మీకు పనే ఇవ్వరు. అప్పుడు నేను చేసిన తప్పు, ఎలాగోలా సర్దేద్దామని పాత తేదీనే పట్టుకుని, గడువు ముందురోజు రాత్రి ఫోన్ చేయడం. ఇప్పుడైతే పనిలో మూడో వంతు అవ్వగానే పట్టిన గంటలు చూస్తాను. మాటిచ్చిన 20లో ఏడు కావాల్సిన చోట పది అయ్యాయంటే, మొత్తం 30 వైపు వెళ్తోందన్నమాట. ఆ రోజే ఫోన్ చేసి కొత్త తేదీ చెబుతాను. అవతలివాళ్ళకు ఇంకా రెండు రోజులకు పైనే చేతిలో ఉంటాయి కాబట్టి, ఇంతవరకు ఎవరూ పెద్దగా గొడవ పడలేదు.