రక్తం ఇచ్చిన ఫోటో కింద ఏం రాయాలంటే

ఒరే అల్లుడూ, నువ్వు పంపిన ఫోటో, దాని కింద పెడదామనుకున్న మాటలు రెండూ చూశాను. ఫోటో బావుంది. "ఈరోజు మూడు ప్రాణాలు కాపాడాను. రక్తదానం మహాదానం. మరి మీరెప్పుడు?" అని రాశావు. మొదటి వాక్యం తీసెయ్, చివరిదీ తీసెయ్. మధ్యది ప్రతి క్యాంపు బ్యానర్ మీదా ఉంటుంది కాబట్టి అదీ అక్కర్లేదు. ఏమీ మిగల్లేదని కోపం తెచ్చుకోకు, రాయాల్సింది నీ దగ్గరే ఉంది, చెప్తాను.

ముందు ఆ మూడు ప్రాణాల సంగతి. నువ్విచ్చిన 350 మిల్లీలీటర్లని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా అని విడదీస్తారు, ముగ్గురికి పనికిరావచ్చు అనే మాట అక్కడ పుట్టింది. కానీ నువ్వు మంచం దిగి సెల్ఫీ తీసుకునేసరికి ఆ సంచి ఇంకా ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అవ్వాలి, ఏది తేడా వచ్చినా పారేస్తారు. ప్లేట్‌లెట్లు 5 రోజుల్లో వాడకపోతే అవీ పోతాయి. బ్లడ్ బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు అందుకే ఆ "కాపాడాను" చదవగానే నవ్వొస్తుంది. ఇచ్చావు, అంతవరకు నిజం. మిగతాది ల్యాబ్ వాళ్లు, డాక్టర్లు, ఆ రోగి ఒంటి బలం కలిసి చూసుకుంటారు.

ఇక "మరి మీరెప్పుడు?" అన్నది. నీతో పాటు క్యాంపుకి వచ్చి, వేలి దగ్గర చుక్క తీయించుకుని, హిమోగ్లోబిన్ 12.5 లేదని వెనక్కి వెళ్లిన అమ్మాయిలు మీ క్లాసులోనే ఉంటారు. ఆడపిల్లల్లో ఇది చాలా మామూలు. బరువు 45 కిలోలు లేనివాళ్లని కూడా వద్దంటారు. వాళ్లు నీకంటే ముందే వచ్చి లైన్లో నిలబడి ఉండొచ్చు, ఇప్పుడు ఫోన్ తెరిస్తే నువ్వు నిలదీస్తున్నావు. అందుకే ఆ ప్రశ్న నాకు నచ్చలేదు.

మరి ఏం రాయాలి? ఎప్పుడూ రక్తం ఇవ్వనివాడికి తెలియనిది, నీకు నిన్నటి నుంచి తెలిసినది. సూది ఎంత నొప్పి, ఎంతసేపు, ముందు ఏం తినాలి, తర్వాత ఎలా ఉంది. నువ్వు నాతో ఫోన్‌లో చెప్పినవే వరసలో పెట్టాను చూడు:

"సూదంటే నాకు భయం. గుచ్చేటప్పుడు అటు తిరిగి కిటికీ చూశాను, చీమ కుట్టినంతే. సంచి నిండటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తొందరపడి లేచేసరికి కొంచెం తల తిరిగింది, సిస్టర్ మళ్లీ పడుకోబెట్టి జ్యూస్ ఇచ్చారు. ఇడ్లీ తిని వెళ్లడం మంచిదైంది, ఖాళీ కడుపుతో వెళ్లకండి. నాలాగే సూది భయంతో ఆగినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, చూసింది చెప్తాను."

ఆ తల తిరిగిన ముక్క తీసేద్దామని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. తీయకు. అది చదివినవాడికి నువ్వు హీరోలా కనపడవు, మనిషిలా కనపడతావు, పైగా వాడు రేపు మంచం మీద నుంచి నెమ్మదిగా లేస్తాడు. కాస్త సేపు కూర్చుని రమ్మని క్యాంపుల్లో చెప్పేది ఎవరూ వినరు, ఇలా చదివితే గుర్తుంటుంది.

ఎవరైనా చుట్టాల కోసం విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లి ఇచ్చినప్పుడు మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చి వరండాల్లో పడుకున్నవాళ్లు ఫోటోలో వెనక పడతారు, వాళ్లని ఎవరూ అడగరు. ఆ రోగి పేరు, జబ్బు, వార్డు ఏదీ రాయకు, "పాపం పేదవాళ్లు" అని అసలే రాయకు. సంచి మీద అంటించిన నంబరు కూడా కనపడకుండా చెయ్యి ఉన్న ముక్క వరకే కత్తిరించు.

పోస్ట్ పెట్టాక "గ్రేట్ రా", "రియల్ హీరో" అని వస్తాయి. ప్రతిదానికీ వంగి దండాలు పెట్టక్కర్లేదు. "నువ్వూ ఇవ్వచ్చేమో, ఈమధ్య జ్వరం గానీ మందులు గానీ ఉన్నాయా?" అని అడుగు, మాట అటు తిరుగుతుంది. మళ్లీ ఎప్పుడు ఇస్తావని ఎవరైనా అడిగితే మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు ఆగాలని చెప్పు. అప్పటికి ఎండాకాలం సెలవులు వచ్చేస్తాయి, కాలేజీలు మూసేసి క్యాంపులు తగ్గి మన బ్లడ్ బ్యాంకుల్లో కొరత వచ్చే రోజులవి. ఈ ఫోటోనే మళ్లీ పెట్టాలంటే అప్పుడు పెట్టు. పక్క మంచం మీద ఉన్న మీ స్నేహితుణ్ని ట్యాగ్ చేసే ముందు మాత్రం అడుగు, వాళ్ల అమ్మకి చెప్పకుండా వచ్చాడని నువ్వే కదా అన్నావు.